పెద్దగా బాగున్న ఫొటో చిన్న డీపీలో, డార్క్ మోడ్‌లో ఎందుకు దెబ్బతింటుంది?

ప్రశ్న: "గంటసేపు కూర్చుని నా ఫొటోను రీటచ్ చేసి డీపీగా పెట్టుకున్నాను. పెద్దగా తెరిస్తే బాగుంది. చాట్ లిస్టులో చిన్నగా, అందులోనూ డార్క్ మోడ్‌లో చూస్తే ముఖానికి ముసుగు తగిలించినట్టు ఉంది. పెట్టకముందే దీన్ని ఎలా సరిచూసుకోవాలి?"

డీపీగా పెట్టే ముందు ఆ ఫొటోను మీరొక్కరే ఉన్న వాట్సాప్ గ్రూపుకు బొమ్మగా పెట్టి, చాట్ లిస్టులో చూసుకోండి. ఇంట్లోవాళ్లలో ఒకరిని చేర్చి గ్రూపు తెరిచి, ఆ తరువాత వారిని తొలగిస్తే మీరొక్కరే మిగులుతారు. గుండ్రటి కత్తిరింపు, చిన్న కొలత, పక్కనే పేరు, వెనుక తెర రంగు, ఇవన్నీ మీ డీపీకి ఎలా ఉంటాయో ఆ బొమ్మకూ అలాగే ఉంటాయి కనుక, ఇంతకంటే నమ్మకమైన పరీక్ష నాకు దొరకలేదు. అయితే ఆ చిన్న వలయంలో దేన్ని గమనించాలో తెలియకపోతే ఎన్నిసార్లు చూసినా "ఏదో తేడాగా ఉంది" అన్న దగ్గరే ఆగిపోతాం. ఆ సంగతి నాకు ఒక కస్టమర్ ఫొటో నేర్పింది.

హన్మకొండలో నాకు చిన్న ఫొటో స్టూడియో ఉంది. రెండేళ్ల కిందట ఎంగిలిపూల బతుకమ్మ నాటి సాయంత్రం వేయి స్తంభాల గుడి దగ్గర ఒక కాలేజీ లెక్చరర్‌కు ఫొటో తీశాను. ఆమె విరబోసుకున్న నల్లటి జుట్టు వెనుక నునుపైన నల్లరాతి స్తంభం ఉంది, ముఖం మీద మాత్రం పక్క నుంచి మెత్తటి సంధ్యవెలుగు పడింది. రాత్రి కూర్చుని చర్మం మీది మచ్చలు తీశాను, కళ్ల కింద నలుపు తగ్గించాను, ముఖాన్ని కొంచెం వెలిగించాను. లాప్‌టాప్ తెర మీద అది గోడకు పెట్టుకోదగ్గ ఫొటోలా కనిపించింది. రెండు రోజుల తరువాత ఆమె ఫోను పట్టుకుని వచ్చి, "అన్నా, మొఖం ఒక్కటే గాల్ల తేలుతున్నట్టు ఉన్నది. జుట్టు ఏడబోయింది?" అని అడిగారు. చూస్తే నిజంగానే జుట్టు లేదు, మెడ లేదు. నల్లటి తెర మీద కోడిగుడ్డు ఆకారంలో తెల్లటి ముఖం మాత్రం ఉంది.

కారణం ఏమిటో ఎడిటర్‌లో రంగు విలువ చూపే ఐడ్రాపర్‌తో కొలిస్తే తెలిసింది. పూర్తి నలుపు 0, పూర్తి తెలుపు 255 అనుకుంటే, ఆమె జుట్టు 22 దగ్గర, స్తంభం 30 దగ్గర ఉన్నాయి. డార్క్ మోడ్ తెరకు గూగుల్ మెటీరియల్ డిజైన్ సూచించిన రంగు #121212, అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ 18. కొన్ని యాప్‌లు పూర్తి నలుపు వాడతాయి, మరికొన్ని కాస్త నీలం కలుపుతాయి, కానీ ఇక్కడ ఆ తేడా లెక్కలోకి రాదు. జుట్టు, స్తంభం, తెర మూడూ 18 నుంచి 30 లోపే ఉన్నప్పుడు కంటికి అవి ఒకే నలుపు ముద్ద. లైట్ మోడ్‌లో ఈ తప్పు బయటపడదు, ఎందుకంటే తెల్లటి తెర మీద నల్లటి వలయం స్పష్టంగా నిలబడి, "ఇది ఫొటో అంచు" అని కంటికి హద్దు చూపిస్తుంది. డార్క్ మోడ్‌లో ఆ హద్దే కరిగిపోతుంది.

మెడ సంగతి మాత్రం పూర్తిగా నా తప్పే. ముఖాన్ని వెలిగించినప్పుడు బ్రష్‌ను గడ్డం దగ్గర ఆపేశాను. ముఖం 195కు చేరింది, మెడ 130 దగ్గరే ఉండిపోయింది. పెద్ద ఫొటోలో గడ్డం కింద నీడ, గొలుసు, చర్మం మీది చిన్న చిన్న వంపులు ఆ తేడాను మింగేస్తాయి. చిన్న బొమ్మలో ఆ వివరాలు ఉండవు. నా ఫోనులో చాట్ లిస్టులోని వలయాన్ని స్కేలు పెట్టి కొలిస్తే సుమారు 8 మిల్లీమీటర్లు వచ్చింది, అంటే ఆ తెర మీద దాదాపు 130 పిక్సెళ్లు. 1080 పిక్సెళ్ల చదరపు ఫొటో అందులో ఇమడాలంటే సుమారు 70 పిక్సెళ్ల సగటు ఒక్క పిక్సెల్‌గా మారాలి. ఆ సగటులో చర్మపు రంధ్రాలు, వెంట్రుక పోగులు, నేను ముప్పావుగంట కష్టపడి తీసిన మచ్చలు అన్నీ కొట్టుకుపోతాయి. మిగిలేవి పెద్ద వెలుగు ముద్దలు, పెద్ద నీడ ముద్దలు మాత్రమే. అందుకే గడ్డం దగ్గర ఆగిన బ్రష్ గీత ముసుగు అంచులా బయటపడింది. మీ ఫొటోలోనూ మొదట ముఖాన్ని, మెడను, చెవులను పక్కపక్కన కొలిచి చూడండి. ముసుగులా ఉందన్నారు కనుక తేడా ఎక్కువగా అక్కడే ఉంటుంది.

బొట్టు విషయంలో ఇంకో తమాషా జరిగింది. అసలు ఫొటోలో 14 పిక్సెళ్ల వెడల్పున్న ఎర్రటి బొట్టు చిన్న బొమ్మలో రెండు పిక్సెళ్లు కూడా కాలేదు. చుట్టూ ఉన్న చర్మపు రంగుతో కలిసిపోయి గోధుమరంగు పుట్టుమచ్చలా తయారైంది. దీన్ని రంగులతో దిద్దడం వృథా, ఫొటోను ముఖానికి దగ్గరగా కత్తిరించడమే మార్గం.

ఆమె అలా వచ్చి అడిగిన వెంటనే తొందరపడి ఇంకో తప్పు కూడా చేశాను. స్తంభాన్ని తీసేసి, జుట్టు చుట్టూ కటింగ్ చేసి, వెనుక తెలుపు పెట్టాను. ఈసారి డార్క్ మోడ్‌లో వలయం ట్యూబ్‌లైట్‌లా వెలిగింది, ఆ వెలుగు పక్కన ఆమె చామనఛాయ ముఖం ఉన్నదానికంటే నల్లగా కనిపించింది. ముఖం విలువలు ఏమీ మారలేదు. పక్కన తెలుపుంటే అదే రంగు ముదురుగా, పక్కన నలుపుంటే లేతగా కంటికి తోస్తుంది. లైట్ మోడ్‌లోనేమో తెల్లటి తెరలో తెల్లటి వలయం కలిసిపోయి, తల ఒక్కటే పేరు పక్కన అతికించినట్టు ఉంది. వెనుక ఏమీ లేకుండా పారదర్శకంగా వదిలేసిన పీఎన్‌జీ కూడా పనికిరాదు. జేపీజీలో పారదర్శకతకు చోటు లేదు కనుక, యాప్ దాన్ని జేపీజీగా మార్చినప్పుడు ఆ ఖాళీ నలుపుతోనో తెలుపుతోనో నిండుతుంది, ఏది వస్తుందో మన చేతిలో ఉండదు.

చివరికి నిలిచింది మధ్యస్థంగా ఉన్న వెనుకభాగం. స్తంభాన్ని అలాగే ఉంచి కొంచెం మసకబరిచి, తల వెనుక పెద్ద మెత్తటి బ్రష్‌తో, వెలుగునీడలు మార్చే కర్వ్స్ ద్వారా 30 నుంచి 85 వరకు పెంచాను, వలయం అంచుకు వచ్చేసరికి అది 60కి తగ్గేలా చూశాను. జుట్టును మొత్తంగా లేతగా మార్చకూడదు, చేస్తే నెరిసినట్టు కనిపిస్తుంది. అందుకని సాయంత్రపు వెలుగు తగిలిన పక్క అంచును మాత్రం 50 దాకా తెచ్చాను. ముఖాన్ని 195 నుంచి 175కు దించి, మెడను 155కు పెంచాను. వలయం చతురస్రంలో సుమారు 78 శాతాన్నే ఉంచి నాలుగు మూలలను కోసేస్తుంది కనుక, జుట్టులోని పూలు పక్కకు తెగిపోకుండా, వలయంలో సగం ఎత్తు వరకు ముఖం వచ్చేలా కత్తిరించాను. బొట్టు ఎర్రగానే నిలిచింది.

ఇలా దిద్దుతున్నప్పుడు లాప్‌టాప్‌లోనే చూసుకోవచ్చు కదా అనిపిస్తుంది, కానీ అక్కడ రెండు చోట్ల మోసపోతాం. మొదటిది, ఎడిటర్‌లో ఫొటోను 12 శాతానికి జూమ్ తగ్గించి చూడటం. జూమ్‌లో తెరకోసం త్వరగా గీసిన బొమ్మ వేరు, నిజంగా పిక్సెళ్లను కుదించిన బొమ్మ వేరు. పైగా ఎడిటర్ చుట్టూ ఉన్న బూడిద రంగు డార్క్ మోడ్ తెర కాదు. నేను జింప్ అనే ఎడిటర్‌లో ఫొటో నకలు తీసి, `Image > Scale Image`లో 130కి కుదించి, సగం తెలుపు, సగం #121212 ఉన్న ఇంకో ఫైలు మీద రెండుచోట్లా పెట్టి, 100 శాతం జూమ్‌లో చూస్తాను. రెండోది, మామూలు లాప్‌టాప్ తెర మీద 130 పిక్సెళ్లు రెండు సెంటీమీటర్లకు పైగా ఉంటాయి. ఫోనులో 8 మిల్లీమీటర్లు ఉండేదాన్ని అక్కడ దాదాపు మూడింతలు పెద్దదిగా చూసి "బాగానే ఉంది" అనుకుంటాం. కాబట్టి లాప్‌టాప్ పరీక్ష తప్పు ఎక్కడుందో వెతకడానికే, తుది తీర్పు ఫోనుదే.

ఫోనులో చూసేటప్పుడు ముందుగా కళ్లకు హాయినిచ్చే పసుపు ఫిల్టర్‌ను ఆపేయండి. చాలా ఫోన్లలో అది చీకటి పడగానే తనంతట తాను మొదలవుతుంది, అప్పుడు చూసిన చర్మపు రంగును నమ్మి నీలం కలిపితే తెల్లవారేసరికి ముఖం పాలిపోయి ఉంటుంది. ఆ తరువాత గ్రూపు బొమ్మను లైట్ మోడ్‌లో, డార్క్ మోడ్‌లో మామూలు వెలుతురుకు ఒకసారి, రాత్రి పడుకునే ముందు మీరు వాడే తక్కువ వెలుతురుకు ఇంకోసారి చూడండి. తక్కువ వెలుతురులో ముందుగా పోయేవి నీడలు, అంటే జుట్టు, కంటి గుంటలు. కనుబొమ్మ, కన్ను కలిసి ఒకే నల్లటి మరకగా కనిపిస్తే కళ్ల తెల్లగుడ్డును పెంచవద్దు, కంటి గుంట మొత్తాన్ని 10 నుంచి 15 పెంచండి. తెల్లగుడ్డు ఒక్కటే పెంచితే చిన్న బొమ్మలో కంటిచోట రెండు తెల్ల చుక్కలు మెరుస్తాయి, పెద్దది తెరిచినవారికి దయ్యం కళ్లు కనిపిస్తాయి.

నా అలవాటు ఇంకొకటి ఉంది. ఫోనును చేయి చాచినంత దూరంలో పెట్టి, పదిమంది పేర్ల మధ్య ఆ గ్రూపును పైకీ కిందకీ జరుపుతూ చూస్తాను. కదులుతున్న లిస్టులో తల ఎటు తిరిగి ఉందో, జుట్టు ఎక్కడ ముగిసిందో ఒక్క చూపులో తెలిస్తే ఫొటో నిలిచినట్టే. మా ఇంట్లో అమ్మకు చూపించి "ఎవర్రా ఈ పిల్ల?" అనిపించుకోవడం కూడా జరుగుతుంటుంది, ఆమె చూపు నా ఐడ్రాపర్ కంటే కఠినం.

ఒక్క ఫైలుతో రెండు పనులూ పూర్తిగా కావు. చిన్న బొమ్మ కోసం స్తంభాన్ని 85 దాకా పెంచితే పెద్ద ఫొటోలో తల వెనుక దీపం పెట్టినట్టు అనుమానం వస్తుంది, అంతకు మించి 100 దాటితే అది కచ్చితంగా తెలిసిపోతుంది. అందుకే ఆ లెక్చరర్‌కు దగ్గరగా కత్తిరించిన డీపీ ఫైలు వేరుగా, గుడి స్తంభం తన నలుపుతోనే ఉన్న అసలు ఫొటో వేరుగా ఇచ్చాను. అప్పటినుంచి డీపీ అడిగినవారందరికీ అలాగే రెండు ఫైళ్లు ఇస్తున్నాను.