దుప్పటి లేబుల్ మీది RN నంబరు ఎవరిది? జత గలీబులు వెతికే పద్ధతి

ప్రశ్న: మా అబ్బాయి అమెరికా నుంచి తెచ్చిన బెడ్‌షీట్ సెట్‌లో దిండు గలీబులు రెండూ చిరిగిపోయాయి. దుప్పటికి కుట్టి ఉన్న లేబుల్‌ను ఫోటో తీసి పెట్టుకున్నాను. దాన్ని బట్టి బట్ట ఏ రకమో, ఎవరు తయారు చేశారో తెలుసుకొని అదే జత సంపాదించవచ్చా? హైదరాబాద్‌లో దొరుకుతుందా?

జవాబు:

సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో దుప్పట్లు, తెరలు అమ్మే దుకాణంలో నేను తొమ్మిదేళ్లు పనిచేశాను. మారేడ్‌పల్లిలో ఉండే మా అక్కకు సరిగ్గా ఇదే ఇబ్బంది వచ్చినప్పుడు లేబుల్ ఆధారంగానే వెతికి జత కుదిర్చాను కాబట్టి, ఆ అనుభవాన్నే వరుసగా చెబుతాను. ఫోటో సరిగా ఉంటే బట్టలో ఏ నూలు ఎంత ఉందో తెలుస్తుంది, అమెరికా మార్కెట్‌లోకి ఆ సరుకును తెచ్చిన సంస్థ ఏదో కూడా తెలుస్తుంది. నేసిన మిల్లు పేరు మాత్రం చాలా వరకు తెలియదు. జత దొరకడానికి ఆ పేరు కంటే లేబుల్ అడుగున చిన్న అక్షరాల్లో ఉండే అంకెలే ఎక్కువ పనికొస్తాయి.

ముందు ఫోటో మళ్లీ తీయండి. ఈ లేబుళ్లు శాటిన్ రిబ్బను లాంటి పట్టీ మీద అచ్చు వేసినవి కాబట్టి నాలుగైదు ఏళ్లు ఉతికేసరికి సిరా వెలిసిపోతుంది, ఫ్లాష్ వేస్తే పట్టీ మెరిసి ఉన్న కాస్త అక్షరాలు కూడా కనిపించకుండా పోతాయి. పగటిపూట కిటికీ దగ్గర, వెలుతురు పక్క నుంచి పడేలా పరిచి తీయండి. వెలిసిన భాగాన్ని కిటికీ అద్దానికి ఆనించి వెనక నుంచి వెలుతురు వచ్చేలా ఇంకొకటి తీసి, ఫోనులో నలుపు తెలుపుగా మార్చి కాంట్రాస్ట్ పెంచండి. లేబుల్ మడత పెట్టి కుట్టినదైతే దానికి నాలుగు ముఖాలు ఉంటాయి, వెనక ఇంకొక చిన్న తెల్ల పట్టీ కూడా తరచుగా దాగి ఉంటుంది. అక్క నాకు మొదట పంపిన ఫోటోలో పైముఖం ఒక్కటే ఉంది. అసలు ఆధారమంతా వెనక పట్టీ మీద ఉందని నేను వాళ్లింటికి వెళ్లి చూసేదాకా తెలియలేదు.

బట్ట రకం చెప్పే వరుస సాధారణంగా పైనే ఉంటుంది. అక్క దుప్పటి మీద కాటన్ 60 శాతం, పాలిస్టర్ 40 శాతం అని మూడు భాషల్లో ఉంది. ఈ శాతాలు బరువును బట్టి వేసే లెక్క. ఫ్రెంచిలో ఉండే coton, స్పానిష్‌లో ఉండే algodón రెండూ కాటన్‌కు పేర్లే గనుక, ఇంగ్లీషు వరుస చెరిగిపోయినా పక్క భాషలోని శాతంతో పని నడుస్తుంది. మైక్రోఫైబర్ అని మాత్రమే రాసి ఉంటే దాన్ని పాలిస్టర్‌గానే తీసుకోండి. శాతాలు అసలే కనిపించకపోతే ఇస్త్రీపెట్టె గుర్తులోని చుక్కలను లెక్కపెట్టండి. మూడు చుక్కలు గట్టి వేడిని తట్టుకునే కాటన్‌కు గాని నారబట్టకు గాని వేస్తారు, పాలిస్టర్ కలిసిన బట్టకు చాలాసార్లు రెండే వేస్తారు. ఇది సూచన మాత్రమే, రుజువు కాదు. రుజువు కావాలంటే అంచు మడత లోపలి నుంచి ఒక దారం లాగి, స్టీలు పళ్లెం మీద చిమటాతో పట్టుకొని కాల్చి చూడండి. కాటన్ అయితే కాగితం కాలిన వాసన వచ్చి, వేలితో నలిపితే పొడి అయ్యే బూడిద మిగులుతుంది. పాలిస్టర్ ముడుచుకుంటూ కరిగి, చల్లారాక గట్టి నల్లపూసగా మిగులుతుంది. రెండూ కలిసిన దారమైతే కాగితం వాసనా వస్తుంది, బూడిదలో గట్టి పలుకులూ తగులుతాయి.

ఇక తయారీదారు సంగతి. అమెరికాలో అమ్మే బట్టల లేబుల్ మీద నూలు శాతాలు, తయారైన దేశంతో పాటు, సరుకుకు బాధ్యత వహించే సంస్థ పేరు గాని, దాని బదులు RN అనే రెండక్షరాల తరువాత ఒక నంబరు గాని ఉండాలి. ఆ నంబరును అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇస్తుంది. rn.ftc.gov అనే చిరునామాలో ఎవరైనా డబ్బు కట్టకుండా వెతుక్కోవచ్చు. అంకెలు మాత్రమే టైపు చేస్తే సంస్థ పేరు, ఊరు, అది దిగుమతిదారా, చిల్లర వ్యాపారా, తయారీదారా అన్న వివరం వస్తాయి. పక్కనే CA అని ఇంకొక నంబరు ఉంటే అది కెనడాలో ఇచ్చినది, దాన్ని ఈ జాబితాలో వెతికితే దొరకదు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. RN నంబరును అమెరికాలో వ్యాపారం చేసే సంస్థలకే ఇస్తారు. కాబట్టి మన కరూరులోనో పానిపట్టులోనో నేసిన దుప్పటి మీద ఉన్నా ఆ నంబరు అక్కడి దిగుమతిదారుదో, అమ్మిన దుకాణాల సంస్థదో అవుతుంది. అక్క దుప్పటి మీద భారతదేశంలో తయారైందని ఉంది గాని, RN వెతికితే అమెరికాలోని ఒక దిగుమతి సంస్థ పేరు వచ్చింది. ఆ సంస్థ ఒకే రకం సరుకును వేర్వేరు సంవత్సరాల్లో వేర్వేరు మిల్లుల నుంచి తెప్పించుకోవచ్చు గనుక, ఆ పేరు పట్టుకొని ఇక్కడి మిల్లును వెతకబోవడం వృథా ప్రయాస.

అయినా RN వల్ల ఒక మంచి ఉపయోగం ఉంది. పేరున్న బ్రాండ్లను వాటి యజమానులు వేర్వేరు సంస్థలకు లైసెన్సుకు ఇస్తుంటారు గనుక, రెండు దుప్పట్ల మీద బ్రాండు పేరు ఒకటే అయినా RN నంబర్లు వేరైతే అవి వేర్వేరు సంస్థలు వేర్వేరుగా తెప్పించిన సరుకులయ్యే అవకాశం ఎక్కువ, రంగూ నేతా కలుస్తాయని ఆశ పెట్టుకోకూడదు. అక్క మొదట చేసిన తప్పు ఇదే. ఒక అమ్మకందారు దగ్గర అదే బ్రాండు, అదే లేత నీలం అని చూసి గలీబులు తెప్పించుకుంది. వచ్చినవి పూర్తి పాలిస్టర్, మీద మెరుపు వేరు, RN వేరు. కొనే ముందే లేబుల్ ఫోటో అడిగి ఉంటే ఆ డబ్బు మిగిలేది.

జత కోసం పనికొచ్చే అంకెలు వెనక పట్టీ మీద ఉంటాయి. స్టైలు నంబరు, ఆర్డరు నంబరు, నెలా సంవత్సరం వంటివి కంపెనీలు తమ లెక్క కోసం వేసుకుంటాయి, అందుకే వాటికి ఒకే పద్ధతి ఉండదు. ఏది ఏమిటో పోల్చుకోవడానికి నేను చేసేదేమిటంటే, అదే సెట్‌లోని పై దుప్పటి లేబుల్‌నూ, పరుపుకు తొడిగే ఎలాస్టిక్ దుప్పటి లేబుల్‌నూ పక్కపక్కన పెట్టి చూస్తాను. రెండింటిలోనూ మారనివి సంస్థ నంబరు, ఆర్డరు, తేదీ లాంటివి, మారినది ఆ వస్తువుకు గాని ఆ కొలతకు గాని చెందినది. అక్క సెట్‌లో ఒక ఆరంకెల నంబరు రెండింటిలోనూ ఒకటే, దాని తరువాత వచ్చే రెండంకెలు వేరు, 03/18 అన్న తేదీ రెండింటిలోనూ ఉంది. ఆ ఆరంకెలను బ్రాండు పేరుతో కలిపి వెతికితే, వాడిన వస్తువులు అమ్మే ఒక అమెరికా సైటులో అదే సరుకు పై దుప్పటి ఒకటి, సింగిల్ మంచానికి సరిపోయేది, కనిపించింది. గలీబులు ఎక్కడా లేవు, అందుకే ఆ దుప్పటినే కొని కత్తిరించి గలీబులు కుట్టుకుందామనుకున్నాం. ఫోనులో బొమ్మతో వెతికే పద్ధతి కూడా ప్రయత్నించాను గాని, అది రంగు, డిజైను పోలినవి చూపిస్తుంది తప్ప నూలు శాతాన్ని గ్రహించలేదు.

ఆర్డరు ఇచ్చే ముందు ఆ అమ్మకందారును రెండు ఫోటోలు అడిగాం. ఒకటి లేబుల్‌ది, రెండోది బట్ట మీద స్కేలు పెట్టి బాగా దగ్గరగా తీసినది. రెండో ఫోటో ఎందుకంటే నేత ఏ రకమో లేబుల్ మీద తరచుగా ఉండదు. పెద్దది చేసి చూసినప్పుడు పడుగు, పేక ఒకదాని మీద ఒకటి గళ్లలా మారుతూ పోతే అది పర్కేల్ అనే సాదా నేత, మెరుపు ఉండదు. ఒక దారం మూడు నాలుగింటి మీదుగా దాటి ఒకదాని కిందికి దిగుతుంటే శాటీన్ నేత, నునుపుగా మెరుస్తుంది. శాతాలు ఒకటే అయినా ఈ రెంటినీ పక్కపక్కన పరిస్తే రెండు రంగుల్లా కనిపిస్తాయి. అక్కది సాదా నేత, ఆ దుప్పటిదీ అదే.

దాన్ని అమెరికాలో ఉండే అక్క కూతురు తన దగ్గరకు తెప్పించుకొని, సెలవులకు వచ్చేటప్పుడు తీసుకువచ్చింది. అమెరికా సింగిల్ పై దుప్పటి మామూలుగా 66 అంగుళాల వెడల్పు, 96 అంగుళాల పొడవు ఉంటుంది. అక్క దిండ్లకు 20 అంగుళాలకు 30 అంగుళాల గలీబు కావాలి. ఒక్కో గలీబుకు, రెండు వైపులకూ కుట్టు మడతకూ కలిపి 41 అంగుళాలు, నోటి దగ్గర నాలుగంగుళాల పట్టీతో కలిపి 35 అంగుళాలు, ఇంత ముక్క చాలు. 96 అంగుళాల పొడవులో 41 అంగుళాల ముక్కలు రెండు వస్తాయి, వెడల్పులో 35 పోగా 31 మిగులుతుంది, అది మూడో గలీబుకు చాలదు. పాత అంచు పట్టీని విప్పకుండా అటువైపు నుంచే కత్తిరించి ఉంటే ఒక గలీబుకైనా నోటి మడత కుట్టే పని తప్పేది, ఆ సంగతి నాకు తరువాత తట్టింది.

మీరడిగిన హైదరాబాద్ విషయానికి వస్తే, జనరల్ బజార్‌లోనూ, కోఠి సుల్తాన్ బజార్‌లోనూ ఎగుమతి మిగులు సరుకు అప్పుడప్పుడు వస్తుంది గాని, మీ స్టైలు నంబరే దొరకడం అరుదు. అక్కడ ఎక్కువగా అమ్మే గలీబులు 17 అంగుళాలకు 27, లేదా 18కి 28 కొలతలో ఉంటాయి, అమెరికా దిండుకు బిగుతైపోతాయి. ఎగుమతి సరుకని చెప్పి ఇస్తే లోపలి లేబుల్ చూడండి. దాన్ని కత్తిరించేసి ఉంటే పైన చెప్పిన దారం పరీక్ష తప్ప ఆధారం లేదు. మన దేశంలో ప్యాకెట్‌గా అమ్మే దుప్పట్లకు 2011 నాటి తూనికలు కొలతల నిబంధనల ప్రకారం తయారీదారు లేదా ప్యాకర్ పేరు, చిరునామా కవరు మీద ఉంటాయి. కుట్టిన లేబుల్ మీద బ్రాండు పేరు మాత్రమే ఉండే సందర్భాలే ఎక్కువ కనుక, ఆ కవరు పారేయకుండా దుప్పటితో పాటే దాచండి.

రంగు విషయంలో మాత్రం పూర్తిగా కలుస్తుందని మాట ఇవ్వలేను. అద్దకం ఒక్కో విడతకు కాస్త మారుతుంది, పైగా మీ దుప్పటి ఇన్నేళ్లు ఉతికినది. అక్క కొత్త గలీబులను పాత దుప్పటి పక్కన పగటి వెలుతురులో పెడితే ఒక ఛాయ ముదురుగా కనిపించాయి, గదిలో ట్యూబులైటు కింద మాత్రం తేడా కనిపించలేదు. అందుకే మీరు వెతికేటప్పుడు కూడా కాస్త వాడిన దుప్పటినే ఎంచుకోండి, అది వెలిసిన రంగుకు దగ్గరగా ఉంటుంది. మీ లేబుల్ వెనక పట్టీ ఫోటో తీసి ఇక్కడ పెడితే, అందులో ఏ అంకె దేనిదో పోల్చి చెబుతాను.