27–13 అని తేలిన ఫలితం, వరుస మార్చితే నిలుస్తుందా?

ప్రశ్న: నమస్కారమండీ. నేను గుంటూరులో బీటెక్ చివరి సంవత్సరం చదువుతున్నాను. మిర్చి రైతుల ప్రశ్నలకు రెండు చాట్‌బాట్‌లు తెలుగులో ఇచ్చిన జవాబులను పోల్చడం నా ప్రాజెక్టు. 40 ప్రశ్నలకు ఇద్దరి జవాబులూ ఒకేచోట పెట్టి, ఏది మెరుగో చెప్పమని ఇంకో పెద్ద మోడల్‌ను అడిగాను. ఎ 27 సార్లు, బి 13 సార్లు గెలిచాయి. ఎ జవాబునే ఎప్పుడూ ముందు పెట్టాను. మాక్ ఇంటర్వ్యూలో "పదికి మార్కులు ఎందుకు వేయించలేదు? ఎవరి జవాబు ముందు పెట్టారు?" అని అడిగితే ఏమీ చెప్పలేకపోయాను. ఈ ప్రాజెక్టును రెజ్యూమెలో ఉంచవచ్చా?

జవాబు: ఉంచవచ్చు. అయితే 27–13 అన్న అంకెను ప్రస్తుతానికి తీసివేయండి. ఎందుకంటే అందులో ఎ బాట్ నాణ్యత ఎంతో, ముందు చోటు వల్ల వచ్చిన లాభం ఎంతో ఇప్పుడు మీరైనా, మరొకరైనా విడదీసి చెప్పలేరు. మిమ్మల్ని అడిగిన రెండు ప్రశ్నలలో రెండోదే బరువైనది కనుక దానితోనే మొదలుపెడతాను.

తీర్పు చెప్పే మోడల్‌కు రెండు జవాబులు ఒకదాని తరువాత ఒకటిగా అందుతాయి. జవాబుల్లో ఒక్క అక్షరం మార్చకుండా వాటి వరుసను మాత్రమే తారుమారు చేసినా, చాలా సందర్భాలలో తీర్పు కూడా తారుమారవుతుంది. 2023లో వెలువడిన ఒక పరిశోధనలో చాట్‌జీపీటీని న్యాయనిర్ణేతగా పెట్టి, వరుసను తగినట్లు అమర్చితే, వికూనా-13బి అనే చిన్న మోడల్ 80 ప్రశ్నలలో 66 చోట్ల ఆ చాట్‌జీపీటీ జవాబులనే ఓడించగలిగినట్లు చూపారు. అన్ని మోడళ్లూ ముందున్న జవాబు వైపే మొగ్గుతాయని కూడా అనుకోకండి. కొన్ని రెండోదాని వైపు మొగ్గుతాయి. రెండు జవాబుల మధ్య తేడా స్పష్టంగా ఉన్నప్పుడు ఈ మొగ్గు దాదాపు కనిపించదు, జవాబులు దగ్గరదగ్గరగా ఉన్నప్పుడే బలంగా బయటపడుతుంది. మనం సూక్ష్మమైన తేడా పట్టుకోవాలని జంటగా పోల్చేదీ సరిగ్గా అలాంటి చోటే కావడం ఇందులోని అసలు చిక్కు.

కాబట్టి అవే 40 జంటలను, బి జవాబు ముందు, ఎ జవాబు తరువాత పెట్టి, మిగతా సూచనలేవీ మార్చకుండా మళ్లీ నడపండి. ఉదాహరణకు ఈసారి ఎ 15, బి 25 గెలిచాయనుకుందాం. అప్పుడు రెండు మొత్తాలను పక్కపక్కన చూసి ఆగిపోకూడదు. ఒక్కొక్క ప్రశ్నకు రెండు విడతలలో వచ్చిన తీర్పులను జతచేసి చూడాలి. రెండు విడతలలోనూ ఎ గెలిచినవి 13, రెండింటిలోనూ బి గెలిచినవి 11, రెండుసార్లూ ముందున్న జవాబే గెలిచినవి 14, రెండుసార్లూ వెనుకనున్న జవాబే గెలిచినవి 2 అని తేలిందనుకోండి. అంటే 24 ప్రశ్నలకే తీర్పు నిలకడగా ఉంది. మిగిలిన 16 ప్రశ్నలలో మోడల్ ఎంచుకున్నది జవాబును కాదు, చోటును. ఆ పదహారింటినీ సమానంగా లెక్కిస్తే ఫలితం 13–11 అవుతుంది. నలభైలో 27 గెలుపులు కేవలం యాదృచ్ఛికంగా రావడం అరుదు కనుక మీ మొదటి ఫలితం గట్టిదిగా కనిపించింది. 13–11 మాత్రం నాణెం ఎగరేసినా తరచుగా వచ్చేదే.

ఇక్కడ ఇంకొక అనుమానాన్ని కూడా తీర్చుకోవాలి. ఒకే ప్రశ్నను అదే వరుసలో రెండుసార్లు అడిగినా మోడల్ కొన్నిసార్లు వేరే తీర్పు ఇస్తుంది. అది ఊగిసలాటే తప్ప పక్షపాతం కాదు. అందుకని మొదటి వరుసనే మరొకసారి నడిపి, ఎన్ని తీర్పులు మారాయో రాసుకోండి. కేవలం ఊగిసలాటే అయితే మారిన తీర్పులు రెండు వైపులకూ ఇంచుమించు సమానంగా చీలాలి. పై ఉదాహరణలోలాగా 14, 2గా చీలితే కారణం చోటేనని నమ్మకంగా చెప్పవచ్చు. "వరుసను పట్టించుకోవద్దు" అని సూచనలో ఒక వాక్యం రాసి, ఆ పని అయిపోయిందనుకోకండి. రాసినా సరే, వరుస మార్చి పరీక్షించిన తరువాతే నమ్మాలి.

ఇక మార్కుల విషయం. లెక్చరర్‌గా ఉన్న రోజులలో నేను ఇంటర్మీడియట్ స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్లేవాడిని. చాలా బాగా రాసిన పేపరు దిద్దిన వెంటనే వచ్చే మధ్యస్థమైన పేపరుకు నా చేయి ఒక మార్కు తగ్గించేదని, కట్ట తిరగేసి దిద్దిన ఒక రోజున గమనించాను. ఆ తరువాత అనుమానం కలిగిన పేపర్లను విడిగా ఉంచి, కట్ట పూర్తయ్యాక మళ్లీ చూసేవాడిని. అంటే మార్కుల పద్ధతిలోనూ మనుషులకు వరుస ప్రభావం ఉంటుంది. మోడల్‌కు మాత్రం ప్రతి జవాబునూ వేరువేరు అభ్యర్థనగా పంపితే ముందరి జవాబు జ్ఞాపకం ఉండదు కనుక ఆ ఇబ్బంది తప్పుతుంది. కానీ మరొక ఇబ్బంది వస్తుంది: ఏ మార్కుకు ఏమి కావాలో విడమరచి చెప్పకపోతే ఎక్కువ జవాబులు ఏడు, ఎనిమిది దగ్గరే గుమిగూడతాయి, దగ్గరదగ్గర జవాబుల మధ్య తేడా అందులో కలిసిపోతుంది.

అయినా మీ ప్రాజెక్టులో మార్కులు లేకుండా కుదరని చోటు ఒకటి ఉంది. "మిర్చి ఆకు ముడుచుకుపోతోంది, ఏ మందు కొట్టాలి?" అన్న ప్రశ్ననే తీసుకోండి. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగులను, కిందికి ముడుచుకుంటే నల్లిని అనుమానించాలి. రెండింటికీ వాడే మందులు వేరు. ముడత ఎటువైపు అని అడగకుండా, కనీసం ఆ తేడా చెప్పకుండా రెండు బాట్‌లూ నేరుగా మందు పేరు చెప్పాయనుకోండి. జంట పోలికలో వాటిలో ఒకటి తప్పనిసరిగా గెలుస్తుంది, ఆ గెలుపు మీ పట్టికలో మంచి జవాబుగా నమోదవుతుంది. విడిగా మార్కులు వేస్తే రెండింటికీ పదికి మూడే వచ్చి ఉండేవి. యార్డుకు పంట తెచ్చే రైతుకు కావలసినది ఏది మెరుగన్న తీర్పు కాదు, ఆ మందు కొట్టవచ్చా లేదా అన్నదే.

అందుచేత మీరు రెండు పద్ధతులనూ వేరువేరు పనులకు వాడండి. ముందుగా, లక్షణం సరిగ్గా గుర్తించిందా, మోతాదు చెప్పిందా, ప్రమాదకరమైన సలహా ఏమైనా ఉందా అన్న మూడు అంశాలపై ఒక్కొక్క జవాబుకూ విడిగా మార్కులు వేయించి, రెండూ పనికిరాని ప్రశ్నలను వేరుచేయండి. మిగిలిన వాటిని రెండు వరుసలలోనూ పోల్చి, రెండుసార్లూ గెలిస్తేనే గెలుపుగా రాయండి. వ్యవసాయం తెలిసిన వారెవరైనా పది, పదిహేను జంటలను చూసిపెడితే మోడల్ తీర్పును దానితో సరిచూడవచ్చు. అయితే మనిషికి ఒకే జంటను రెండు వరుసలలో చూపితే మొదటి తీర్పు గుర్తుండిపోతుంది. కాబట్టి ఒక్కో జంటను ఒక్కసారే చూపుతూ, ఏది ముందు రావాలో ప్రతిసారీ చీటీ తీసి నిర్ణయించండి.

రెజ్యూమెలో "ఎ బాట్ 27–13తో గెలిచింది" అన్న వాక్యం స్థానంలో, "40 జంటలను రెండు వరుసలలో పరీక్షించి, ఇన్నింటిలో తీర్పు చోటును బట్టి మారిందని గుర్తించి, ఫలితాన్ని సవరించాను" అని మీకు వచ్చిన అసలు అంకెలతో రాయండి. మొదట ఒకే వరుసలో నడిపిన సంగతిని ఇంటర్వ్యూలో దాచవద్దు. పాత పట్టికను, కొత్త పట్టికను రెండింటినీ వెంట తీసుకువెళ్లి పక్కపక్కన చూపించండి.