పని ఎక్కడ ముగుస్తుందో ముందే రాయి

తమ్ముడూ,

పంపే ముందు చూడమన్న నీ ప్రపోజల్ ఈమెయిల్ చదివాను. భాష బాగుంది, మర్యాద ఉంది. కానీ అసలు సంగతి మూడు వాక్యాల్లో తేల్చేశావు: “మీ సంస్థకు వెబ్‌సైట్ రూపొందిస్తాను. అవసరమైన మార్పులు చేస్తాను. సగం అడ్వాన్సు, మిగతా సగం పని పూర్తయ్యాక.” మూడింటిలోనూ గొడవకు చోటుంది. మూడోది మరీ ప్రమాదం కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

పని పూర్తయిందని ఎవరు చెప్పాలి? నువ్వు రాయలేదు కాబట్టి క్లయింటే చెబుతాడు. అతను మోసగాడు కానక్కర్లేదు. సైటు సిద్ధంగా ఉంటుంది, వాళ్లు ఇస్తామన్న ఫొటోలు మాత్రం రావు. ఫొటోలు లేని సైటు పూర్తయినట్లు ఎలా అవుతుందని అతను అడిగితే నీ దగ్గర జవాబు ఉండదు. నీ సగం డబ్బు వాళ్ల తీరిక కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.

అందుకే ప్రతి వాయిదానూ నువ్వు చేయగలిగిన పనికి ముడిపెట్టు. ఉదాహరణకు ఇలా రాయవచ్చు: “మొత్తంలో 40 శాతం పని మొదలుపెట్టే ముందు. 40 శాతం డిజైన్లు మీకు పంపినప్పుడు. 20 శాతం సైటును పరీక్ష లింకులో చూపినప్పుడు. ప్రతి బిల్లునూ 7 రోజుల్లో చెల్లించాలి. ఫొటోలు, సమాచారం అప్పటికి అందకపోతే వాటి చోటు ఖాళీగా ఉంచి చూపిస్తాను. తర్వాత ఇస్తే ఒకసారి చేర్చి పెడతాను.” ఆ చివరి రెండు వాక్యాలను వదిలేయవద్దు, చిక్కంతా విప్పేవి అవే. చివరి వాయిదా చిన్నదిగా ఉంచమనడానికీ కారణం ఉంది: ఆఖర్లో ఆగిపోయినా ఇరుక్కునేది ఆ 20 శాతమే. ఆ మొత్తం అందాకే సైటును వాళ్ల సర్వర్‌కు మార్చి ఫైళ్లు అప్పగిస్తానని కూడా చేర్చు. ఇది ముందే రాసి ఉంటే షరతు, ఆఖర్లో చెబితే బెదిరింపులా వినిపిస్తుంది.

క్లయింటు మౌనానికీ ఒక గడువు పెట్టు: “నేను పంపినదానిపై 7 పని దినాల్లో మీ అభిప్రాయం రాకపోతే ఆ దశకు ఆమోదం లభించినట్లు భావిస్తాను.” అయితే గడువు ముగిసే ముందు రోజు ఒకసారి గుర్తు చేయాలి. గుర్తు చేయకుండా ఈ షరతును ప్రయోగిస్తే న్యాయం నీ వైపున్నా క్లయింటు ఉండడు.

ఇక పని పరిధి. “వెబ్‌సైట్” అంటే ఎంతైనా కావచ్చు, కాబట్టి లెక్కపెట్టగలిగేలా రాయి: హోం, మా గురించి, సేవలు, గ్యాలరీ, సంప్రదింపు అనే 5 పేజీలు, ఒక సంప్రదింపు ఫారం; ఫోనులోనూ కంప్యూటర్‌లోనూ సరిగా కనిపించాలి. దాని కిందే “ఇందులో లేనివి” అని వేరుగా పెట్టు: పేజీల్లోని రాతలు, ఫొటోలు, లోగో, డొమైన్, హోస్టింగ్ రుసుములు, అప్పగించాక నిర్వహణ. ఈ జాబితా రాయడానికి చాలామంది మొహమాటపడతారు. నాకైతే మొత్తం ఈమెయిల్‌లో ఇదే ముఖ్యం. ఫారం నింపినవారికి జవాబు దానంతట అదే వెళ్లాలి, వివరాలు ఒక షీటులో చేరాలి, అక్కడే అపాయింట్‌మెంటు కూడా తీసుకోగలగాలి... ఒక్క ఫారం ఇలా పెరుగుతూ పోతుంది. అడిగేవారికి అన్నీ అందులో భాగంగానే కనిపిస్తాయి.

“అవసరమైన మార్పులు” కొట్టేసి, “రెండు విడతల సవరణలు, ఒక విడత అంటే మీ వ్యాఖ్యలన్నీ కలిపి ఒకే ఈమెయిల్‌లో పంపడం” అని రాయి. లేకపోతే రోజుకో వాట్సాప్ సందేశం వస్తుంది, విడత ఎక్కడ ముగిసిందో ఎవరికీ తెలియదు. రంగు మార్చమంటే అది సవరణ. ఆరో పేజీ అడిగితే కొత్త పని. ఫారం పనిచేయకపోతే అది నీ లోపం, అప్పగించాక 30 రోజుల వరకు ఉచితంగా సరిచేయాలి. ఈ మూడింటికీ తేడా ఒక్కో వాక్యంలో చెప్పు. కొత్త పనికి గంటకు ఎంతో ఇప్పుడే రాసి, అంచనా పంపి ఒప్పుకోలు వచ్చాకే మొదలుపెడతానని చేర్చు.

ధర విషయంలో చెప్పడానికి ఎక్కువ లేదు. “సుమారు” అనకుండా ఒకే అంకె, పన్ను కలిపా విడిగానా, ఆ ధర ఏ తేదీ వరకు వర్తిస్తుంది. అంతే.

చివర్లో, “ఈ షరతులు సమ్మతమైతే ఇదే ఈమెయిల్‌కు ‘అంగీకరిస్తున్నాను’ అని జవాబివ్వండి” అని అడుగు. ఆ జవాబు, మొదటి వాయిదా రెండూ వచ్చాకే పని ముట్టుకో. తర్వాత ఫోనులో ఏదైనా మార్చుకుంటే అదే రోజు అదే ఈమెయిల్ కింద రాసి పంపు. పని పెద్దదైతే ఈమెయిల్ చాలదు, సంతకాలతో ఒప్పందం రాసుకోవాలి. ఈ 5 పేజీలకు ఇది సరిపోతుంది.

తిరగరాసి నాకు పంపు. ముందుగా “ఇందులో లేనివి” చూస్తాను.

మీ అన్నయ్య