రక్తంలో ఈస్ట్ వస్తే కాస్పోఫంగిన్‌తోనే ఎందుకు మొదలుపెడతారు?

ప్రశ్న: మా నాన్న కర్నూలులో ఐసీయూలో ఉన్నారు. పేగు ఆపరేషన్ అయి తొమ్మిది రోజులైంది, బీపీ పడిపోకుండా మందు నడుస్తోంది. బ్లడ్ కల్చర్‌లో ఈస్ట్ అనే ఫంగస్ వచ్చిందట. ఫంగస్ మందుల్లో ఫ్లూకొనజోల్ చవకే కదా, కాస్పోఫంగిన్ ఎందుకు?

నేను అనంతపురంలో ఐసీయూ డాక్టర్‌ని. నేనైనా అదే పెట్టేవాణ్ణి. ఈస్ట్ అని తెలిసింది గానీ, ఏ రకం క్యాండిడా ఈస్టో, ఏ మందుకు లొంగుతుందో ల్యాబ్ చెప్పడానికి ఇంకో రెండు మూడు రోజులు పట్టొచ్చు. క్యాండిడా క్రూసై ఫ్లూకొనజోల్‌కు అసలు లొంగదు. మన ఐసీయూల్లో కనిపించే క్యాండిడా ఆరిస్ కూడా చాలావరకు అంతే. బీపీ నిలవని మనిషికి ఆ రెండు రోజులు పనిచేయని మందు మీద గడిస్తే ప్రాణం మీదికొస్తుంది. కాస్పోఫంగిన్ వీటిలో ఎక్కువ రకాలను చంపుతుంది. సాధారణంగా మొదటి రోజు 70 మిల్లీగ్రాములు, తర్వాత రోజూ 50. కిడ్నీ దెబ్బతిన్నా డోసు మార్చక్కర్లేదు.

అయితే చివరిదాకా అదే ఉండాలని లేదు. ఫ్లూకొనజోల్‌కు లొంగే రకమని రిపోర్టు వచ్చి, బీపీ కుదుటపడి, మళ్లీ చేసిన కల్చర్లు శుభ్రంగా ఉంటే, ఐదారు రోజులకు దానికి మారుస్తారు.

మీరు తప్పక అడగాల్సింది మెడ దగ్గర పెద్ద సిరలోకి వేసిన గొట్టం, అంటే సెంట్రల్ లైన్ గురించి. మా దగ్గర ఒకాయనకు సరైన మందే పడినా ఆరో రోజు కల్చర్‌లోనూ ఈస్ట్ వచ్చింది. పాత లైన్ తీసేశాకే ఆగింది. కంటి పరీక్ష కూడా చేయించండి, ఈస్ట్ కంటికి పాకొచ్చు, కాస్పోఫంగిన్ కంట్లోకి సరిగా చేరదు. అవయవాలకు పాకకపోతే కోర్సు 14 రోజులు. ఆ లెక్క మందు మొదలైన రోజు నుంచి కాదు, మొదటి శుభ్రమైన కల్చర్ నుంచి.