తత్త్వమసి: ఎవరు ఎవరితో అన్న మాట?

తిరుపతిలో ఒక ప్రవచనంలో 'తత్త్వమసి' అని విన్నాను. ఎవరు ఎవరితో అన్నారు? పదాలకు అర్థమేమిటి?

ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయంలో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువుతో అన్నాడు. 12 ఏళ్లు వేదాలు చదివి గర్వంగా ఇంటికొచ్చిన కొడుకు అతను. తత్ అంటే అది, త్వమ్ అంటే నువ్వు, అసి అంటే అయి ఉన్నావు. 'అది' అంటే సృష్టికి ముందు ఒక్కటిగా ఉన్న 'సత్తు', అంటే ఉనికి.

తండ్రి రాత్రి నీళ్లలో ఉప్పు వేయించి, పొద్దున దాన్ని తెమ్మంటాడు. వెతికితే దొరకదు. నీళ్లను పైన, నడుమ, అడుగున చప్పరించి చూడమంటాడు. అంతటా ఉప్పే! సత్తు కూడా ఇక్కడే ఉంది, నీకు కనబడటం లేదంతే అని చెప్పి, 'తత్త్వమసి శ్వేతకేతో' అంటాడు. ఇలా వేర్వేరు ఉదాహరణలతో 9 సార్లు.

'నువ్వు' అంటే ఈ పేరూ ఒళ్లూ అనుకుంటే వాక్యం పొసగదు. అందుకే అద్వైతులు 'అది', 'నువ్వు' రెండింటి హద్దులూ తీసేస్తే మిగిలే చైతన్యం ఒక్కటే అంటారు. మీ తిరుపతిలో బాగా వినిపించే రామానుజ సంప్రదాయంలో మాత్రం, 'నువ్వు' అన్న మాట జీవుణ్ణి శరీరంగా చేసుకుని లోపల ఉండి నడిపించే ఈశ్వరుడి దాకా, అంటే అంతర్యామి దాకా వెళ్తుంది. జీవుడు, ఈశ్వరుడు వేరుగానే ఉంటారు. మీరు విన్నది ఏ సంప్రదాయం వారి ప్రవచనమో కనుక్కోండి, అర్థం దాన్నిబట్టే మారుతుంది.