రెండు శీర్షికల్లో ఏది గెలిచిందో 14 రోజుల్లో తేలుతుందా?

ప్రశ్న: హనుమకొండ నుంచి గ్రూప్-2 నోట్స్ సైట్ నడుపుతున్నాను. హోమ్ పేజీని రోజుకు సుమారు 80 సార్లు చూస్తారు. ఒకే పాఠానికి రెండు శీర్షికలు పెట్టి చూశాను: ‘కాకతీయుల చరిత్ర నోట్స్’, ‘కాకతీయుల నుంచి ఏమేం అడుగుతారు?’ రోజు మార్చి రోజు ఒక్కోటి, మొత్తం 14 రోజులు. మొదటిదానికి 560 చూపులకు 28 క్లిక్‌లు, రెండోదానికి 560కి 41. రెండోదే గెలిచినట్టేనా? అనుభవం ఉన్న అన్నలు, అక్కలు చెప్పండి.

జవాబు: ఇంకా గెలవలేదు. రెండిటినీ చూసినవాళ్ల సంఖ్య సమానంగా ఉండి, క్లిక్ చేసేవాళ్లు వందకు కొద్దిమందే అయితే ఒక చిన్న లెక్క సరిపోతుంది. రెండు వైపుల క్లిక్‌లు కలిపి, వర్గమూలం తీసి, రెట్టింపు చేయండి. తేడా అంతకంటే ఎక్కువ ఉంటేనే నమ్మాలి. మీకు 28 + 41 = 69. దాని వర్గమూలం సుమారు 8.3, రెట్టింపు 16.6. మీ తేడా 13. రెండు శీర్షికలకూ నిజంగా ఏ తేడా లేకపోయినా ఈమాత్రం తేడా రావచ్చు.

పైగా నేను మీకు అనుకూలంగానే లెక్క కట్టాను. ఈ లెక్క ఒక్కో చూపు వెనక ఒక్కో కొత్త మనిషి ఉన్నాడనుకుంటుంది. పరీక్షకు చదివేవాళ్లు రోజూ వస్తారు కదా! మీ 1,120 చూపుల వెనక మూడు నాలుగు వందల మందే ఉండొచ్చు. సోమవారం ఒక శీర్షిక చూసి వదిలేసిన అమ్మాయి మంగళవారం రెండోదాన్ని నొక్కితే, అది శీర్షిక బలమా, రెండోసారి కంటపడటం వల్లా? రోజు మార్చి రోజు పెట్టే పద్ధతిలో అది తెలియదు.

నేనైతే ఇంతకంటే పెద్ద తప్పే చేశాను. వరంగల్ చుట్టుపక్కల చూడదగ్గ చోట్ల గురించి నాకో చిన్న సైట్ ఉంది. లక్నవరం వ్యాసానికి ఒక వారం పాత శీర్షిక, తర్వాతి వారం కొత్తది పెట్టాను. క్లిక్‌లు రెట్టింపయ్యాయి. తెగ సంబరపడ్డాను. తీరా చూస్తే ఆ రెండో వారమే మేడారం జాతర. ములుగు దారిన పోయేవాళ్లంతా వెతుకుతున్నారు, నేనేం పెట్టినా నొక్కేవాళ్లే. మీ సైట్‌కైతే నోటిఫికేషన్ పడ్డ రోజే జాతర.

అందుకని రోజుల్ని కాదు, మనుషుల్ని పంచాలి. కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరికీ బొమ్మా బొరుసూ వేసినట్టు ఒక శీర్షిక కేటాయించి, అది కుకీలో దాచాలి. మళ్లీ వచ్చినా వాళ్లకు అదే కనిపించాలి. ఒక మనిషి పదిసార్లు చూసినా ఒక్కరే, మూడుసార్లు నొక్కినా ఒక్క క్లిక్కే. ఫోన్‌లో ఒకసారి, ల్యాప్‌టాప్‌లో ఒకసారి వచ్చేవాళ్లు ఇద్దరిగా లెక్కలో పడతారు. దానికి మనం చేయగలిగింది లేదు.

ఆ ఏర్పాటు పనిచేస్తోందో లేదో చూడటానికి ముందు రెండు వైపులా ఒకే శీర్షిక పెట్టండి. నేను పెట్టాను. ఆరో రోజు చూస్తే 5, 16! తేడా పైన లెక్కకట్టిన రెట్టింపు గీతను కూడా దాటింది. ఏదో తప్పు జరిగిందని టెన్షన్ పడ్డాను. గడువు ముగిసేసరికి 24, 31. రోజూ తొంగిచూస్తూ, గీత దాటగానే ఆపేసేవాళ్లకు ఒకేలాంటి శీర్షికల్లో కూడా ‘విజేత’ దొరికేది ఇలాగే. అప్పటి నుంచి ముగింపు తేదీ ముందే కాగితం మీద రాసుకుంటున్నాను, అదీ పూర్తి వారాల లెక్కన. ఆదివారం వచ్చేవాళ్లు వేరు, పనిరోజు వచ్చేవాళ్లు వేరు.

మరి ఎన్ని రోజులు? నూటికి 5 మంది నొక్కే చోట 7 మంది అవుతున్నారా అని పట్టుకోవాలంటే ఒక్కో వైపు సుమారు 2,200 మంది కావాలి. అంతమంది ఉన్నా, పదింట రెండుసార్లు నిజమైన తేడా మన చేతికి చిక్కదు. రోజుకు 80 మందీ కొత్తవాళ్లే అనుకున్నా దాదాపు రెండు నెలలు. మీకు వచ్చేది పాతవాళ్లే కాబట్టి ఆ సంఖ్య అందకపోవచ్చు కూడా. అదే 5 కాస్తా 10 అయ్యే తేడా అయితే ఒక్కో వైపు 440 మంది చాలు. కాబట్టి ఒక మాట అటూఇటూ మార్చి పరీక్ష పెట్టడం మన సైజు సైట్లకు దండగ. బాగా వేరుగా ఉన్న రెండు శీర్షికలే పెట్టండి.

నేనిప్పుడు ఒక్క శీర్షికను కాదు, శైలిని పరీక్షిస్తున్నాను. పది వ్యాసాలకు ప్రశ్నలా ఒకటి, పేరులా ఒకటి పెట్టి, ఏ వ్యాసంలో ఏది ముందుందో మాత్రమే రాసుకుంటాను. పదింట తొమ్మిదిసార్లు ఒకే శైలి ముందుంటే నమ్ముతాను. ఎనిమిదైతే నమ్మను, అది అదృష్టం వల్ల కూడా తరచుగానే వస్తుంది. నాకు మొన్న వచ్చింది ఏడు. పాత పద్ధతిలోనే రాస్తున్నాను.