పెళ్లి విడిదికి లోన్ ఎందుకు? ముందు రూము రోజులు లెక్కేయండి

ప్రశ్న: మాఘమాసంలో రాజమండ్రిలో మా అమ్మాయి పెళ్లి. ముహూర్తం శనివారం రాత్రి రెండు దాటాక. బయటూళ్ల నుంచి 52 మంది చుట్టాలు వస్తారు, 18 రూములు కావాలి. ఆరు కుటుంబాలు శుక్రవారం, ఎనిమిది కుటుంబాలు శనివారం తెల్లవారుజామున హైదరాబాద్ రైలు దిగుతారు. వీళ్లంతా ఆదివారం రాత్రి రైలుకి వెళ్లిపోతారు. మిగతా నాలుగు కుటుంబాలు శనివారం మధ్యాహ్నం బస్సులో వచ్చి, ఆదివారం ఉదయమే బయల్దేరతారు. ఒక హోటల్ వాళ్లు రూముకి రోజుకి 2,200 చొప్పున మూడు రోజులకి మొత్తం 18 రూములూ తీసుకోమంటున్నారు. రూములకీ బండ్లకీ కలిపి 1,20,000 పక్కన పెట్టాను. చాలకపోతే పర్సనల్ లోన్ తీసుకోమంటారా?

జవాబు: లోన్ మాట ఇప్పుడే వద్దండీ. హోటల్ వాళ్లు చెప్పినట్టు తీసుకుంటే 54 రూము రోజులు అవుతాయి. 5 శాతం జీఎస్టీతో రోజుకి 2,310 చొప్పున 1,24,740. మీకు నిజంగా అన్ని రోజులు అక్కర్లేదు.

ముందు ఆ హోటల్లో చెకవుట్ ఎలా లెక్కిస్తారో అడగండి. మన ఊళ్లలో చాలా హోటళ్లు దిగిన గంట నుంచి 24 గంటలని లెక్కేస్తాయి. కొన్ని మధ్యాహ్నం 12 గంటలకి రోజు మారుస్తాయి. మీవాళ్లు తెల్లవారుజామున దిగి, రాత్రి బండికి వెళ్తున్నారు కాబట్టి మీ ఖర్చంతా ఈ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉంది.

24 గంటల పద్ధతిలో శుక్రవారం దిగే ఆరు కుటుంబాలకి మూడేసి రోజులు, శనివారం దిగే ఎనిమిదింటికి రెండేసి, బస్సులో వచ్చే నాలుగింటికి ఒక్కోటి. మొత్తం 38 రోజులు, 87,780 రూపాయలు. అదే మధ్యాహ్నం 12కి రోజు మార్చే హోటలైతే తెల్లవారుజామున తాళం ఇచ్చినందుకు ముందు రోజు అద్దె, ఆదివారం మధ్యాహ్నం దాటి ఉన్నందుకు ఇంకో రోజు అద్దె పడతాయి. అప్పుడు 52 రోజులు అవుతాయి. అంతకంటే ఇబ్బంది ఏమిటంటే, ముందు రోజు నుంచి రూము తీసుకోకపోతే పెద్దవాళ్లు సామానుతో మధ్యాహ్నం దాకా లాంజ్‌లో కూర్చోవాలి. పెళ్లిళ్ల సీజన్లో ‘ఖాళీ ఉంటే ముందే ఇస్తాం’ అన్న మాటని నమ్ముకోవద్దు.

24 గంటల హోటల్ దొరకకపోతే ఆదివారం మధ్యాహ్నం 14 రూముల్లో 11 ఖాళీ చేయించి, సామానుకీ, బట్టలు మార్చుకోవడానికీ, నడుం వాల్చాల్సిన పెద్దవాళ్లకీ మూడు మాత్రం ఉంచుకోండి. అప్పుడు 41 రోజులతో సరిపోతుంది. కల్యాణమండపం అద్దెలోనే కొన్ని రూములు కలిసి ఉంటే ఆ మూడు కూడా అక్కర్లేదు.

అడ్వాన్స్ ఇచ్చేముందు ఇంకో సంగతి చూసుకోండి. రైలు టికెట్లు ప్రయాణానికి 60 రోజుల ముందు గానీ తెరవరు. మీరు రూములు అంతకంటే ముందే పట్టాలి. అంటే ఇప్పుడు మీ దగ్గరున్న 52 అనేది చుట్టాలు నోటితో చెప్పిన లెక్కే. టికెట్లు తెరిచిన వారం తర్వాత ప్రతి కుటుంబాన్నీ టికెట్ ఫోటో పంపమనండి. వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లని విడిగా రాసుకోండి. పెళ్లికి 20 రోజుల ముందు దాకా నాలుగైదు రూములు వదులుకున్నా అడ్వాన్స్ పోకుండా ఉండాలని హోటల్‌తో ముందే మాట్లాడి, రసీదు మీద రాయించుకోండి. ఈ ఒక్క షరతు కోసం రూముకి వంద ఎక్కువ అడిగినా నేనైతే ఒప్పుకుంటాను.

ఇక బండి సంగతి. విడిదికీ మండపానికీ మధ్య నాలుగైదు కార్లు తిప్పేకంటే 26 సీట్ల మినీ బస్సు ఒకటి చాలు, రెండు ట్రిప్పుల్లో అందరూ చేరతారు. కానీ మీ ముహూర్తం అర్ధరాత్రి దాటాక ఉంది. కొందరు ట్రావెల్స్ వాళ్లు 12 దాటగానే రెండో రోజు అద్దె వేస్తారు. అందుకని ‘శనివారం సాయంత్రం 4 నుంచి ఆదివారం ఉదయం 6 దాకా ఒకే అద్దె’ అని రాయించుకోండి. కిలోమీటర్లు షెడ్డు నుంచి లెక్కేస్తారా, హోటల్ నుంచా? నైట్ బత్తా ఎంత? ఇవీ అందులోనే ఉండాలి. పగలంతా బండి నడిపిన డ్రైవర్‌నే తెల్లవారుజామున నడపనివ్వకండి, సాయంత్రం నుంచి వేరే డ్రైవర్‌ని అడగండి. తెలిసినవాళ్ల సొంత కారైనా, స్కూలు బస్సైనా అద్దెకి వద్దు. వాటికి అద్దెకి తిప్పే పర్మిట్ ఉండదు, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. పసుపు నంబర్ ప్లేటు బండే తీసుకోండి.

తిరుగు ట్రిప్పు భోజనాలయ్యాక రాత్రి పదిన్నరకి ఒకటి తప్పకుండా పెట్టండి. పిల్లలూ, మోకాళ్ల నొప్పులున్నవాళ్లూ అప్పుడే వెళ్లి పడుకుంటారు. మిగతావాళ్లకి తలంబ్రాలయ్యాక మూడున్నరకి ఇంకోటి. స్టేషన్ నుంచి విడిదికి ఆటోలు చాలు. అయితే తెల్లవారుజామున ప్లాట్‌ఫాం మీద మీవాడొకడు ఉండి, ఆటో డబ్బులు తనే ఇవ్వాలి.

రూములకి 87,780 పోతే మీ దగ్గర 32,220 మిగులుతుంది. బస్సు, ఆటోలు, బత్తాలు కలిపి 20 వేల లోపు కొటేషన్ వస్తే ఇంకా 12 వేలు చేతిలో ఉంటుంది. ఆలస్యమైన రైళ్లకీ, చెప్పకుండా వచ్చే ఒకరిద్దరికీ దాన్ని కదపకుండా ఉంచండి. కొటేషన్ 32 వేలు దాటితే అప్పుడు కూడా లోన్ కాదు, శుక్రవారం వచ్చే ఆరు కుటుంబాల్లో రెండింటికి ఆ ఒక్క రోజు మీ ఇంట్లోనే పడక ఏర్పాటు చేయండి. రెండు రూము రోజులు, అంటే 4,620 తగ్గుతాయి.